యెన్ అప్పు, డాలర్ డిపాజిట్: బ్రేక్-ఈవెన్ షీట్ డైరీ

ఇది కాగితం మీద నడిపిన ట్రేడ్. అసలు డబ్బు పెట్టలేదు. తక్కువ వడ్డీ ఉన్న కరెన్సీలో అప్పు చేసి, ఎక్కువ వడ్డీ ఇచ్చే కరెన్సీలో దాచుకుంటే ఎంత మిగులుతుంది, మారకపు రేటు ఎంత కదిలితే ఆ మిగులు మొత్తం పోతుంది అన్న రెండు ప్రశ్నలకు ఒక స్ప్రెడ్‌షీట్ తయారు చేయడమే పని. ఒక సాయంత్రంలో అయిపోతుందనుకున్నది మూడు వారాలు పట్టింది. ఎవరైనా ఇదే షీట్ కట్టుకోవాలనుకుంటే నేను పడిన గుంటల్లో పడకుండా ఉంటారని రాసి పెడుతున్నాను.

దశ 1: అంకెలు బిగించడం

1. అప్పు: 1,00,00,000 యెన్లు, ఏడాదికి 0.5% వడ్డీ.
2. మారకం: డాలర్‌కి 160 యెన్లు. అంటే చేతికి 62,500 డాలర్లు.
3. డిపాజిట్: డాలర్లలో, ఏడాదికి 5%.
4. చివర్లో డాలర్లు అమ్మి యెన్లు తెచ్చుకుని, అప్పూ వడ్డీ కట్టేయడం.

ఈ అంకెలు గాల్లోంచి తీసినవి కావు. 2024 జూన్ 26న డాలర్ 160 యెన్లు దాటింది. అప్పటికి అమెరికా ఫెడ్ వడ్డీ 5.25–5.50%, బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీ 0–0.1%. సెంట్రల్ బ్యాంకు రేటుకే అప్పు దొరకదు, డిపాజిట్ మీదా ఆ రేటు పూర్తిగా రాదు. అందుకే రెండు వైపులా కొంత నాకు నష్టంగానే పెట్టుకున్నాను.

రేటు ఏడాదంతా 160 దగ్గరే కదలకుండా ఉందనుకుందాం. 62,500 డాలర్లు 65,625 అవుతాయి. వాటిని అమ్మితే 1,05,00,000 యెన్లు వస్తాయి. తీర్చాల్సిన అప్పు 1,00,50,000.

ఇప్పటిదాకా: ఏడాదికి మిగులు 4,50,000 యెన్లు. బ్రేక్-ఈవెన్, అంటే లాభం సరిగ్గా సున్నా అయ్యే మారకపు రేటు, ఇంకా లెక్కించలేదు.

దశ 2: తీసివేత తప్పు

మొదటి వెర్షన్‌లో బ్రేక్-ఈవెన్ కోసం వడ్డీల తేడా తీసుకున్నాను. 5లోంచి 0.5 తీసేస్తే 4.5%. డాలర్ 4.5% పడితే లాభం సున్నా అవుతుందని సెల్‌లో రాసేశాను. 160లో 4.5% తగ్గిస్తే 152.80.

వెనక్కి వేసి చూశాను. 65,625 డాలర్లను 152.80కి అమ్మితే 1,00,27,500 యెన్లు. అప్పు 1,00,50,000. అంటే సున్నా దగ్గర ఉండాల్సిన చోట 22,500 యెన్ల నష్టం. బ్రేక్-ఈవెన్ అని పేరు పెట్టిన రేటు దగ్గర నష్టం కనిపిస్తే ఆ షీట్‌ని అక్కడే ఆపేయాలి.

సరైన లెక్కకు తీసివేత పనికిరాదు, భాగహారం చేయాలి. చివర్లో నా దగ్గర ఉన్న డాలర్లు ఎన్ని, తీర్చాల్సిన యెన్లు ఎన్ని? 1,00,50,000ని 65,625తో భాగిస్తే 153.14. అదే బ్రేక్-ఈవెన్. 160 నుంచి ఇది 4.29% తగ్గుదల.

ఇక్కడే ఇంకో గందరగోళం. అదే కదలికను యెన్ వైపు నుంచి చూస్తే, అంటే 160ని 153.14తో భాగిస్తే, యెన్ 4.48% పెరిగినట్టు. కదలిక ఒకటే, శాతాలు రెండు. నా తీసివేతలో వచ్చిన 4.5% దాదాపుగా యెన్ పెరుగుదల శాతం. దాన్ని తీసుకెళ్లి డాలర్ తగ్గుదలకు అంటించాను. అందుకే ఆ 22,500 తేడా. అప్పటి నుంచి షీట్‌లో శాతం అన్న సెల్ ఉంటే పక్కనే ‘డాలర్ పడితే’ లేదా ‘యెన్ పెరిగితే’ అని రాసి పెడుతున్నాను. ఊరికే ‘4.5% కదిలితే’ అని రాసి ఉంటే నెల తర్వాత నాకే అర్థం కాదు.

ఇప్పటిదాకా: బ్రేక్-ఈవెన్ 153.14. 160 నుంచి దూరం 6.86 యెన్లు.

దశ 3: రెండు తప్పులు కలిసి ఒప్పయిన వైనం

ఈ దశకే ఎక్కువ రోజులు పోయాయి. బ్యాంకు ట్రెజరీలో పని చేసే స్నేహితుడికి నా అంకెలిచ్చి, ‘ఏడాదికి బ్రేక్-ఈవెన్ నువ్వు ఎంత వేస్తావో చెప్పు’ అన్నాను. కొనుగోలు రేటు మధ్య ధర కంటే 5 పిప్‌లు ఎక్కువ, అమ్మకం రేటు 5 పిప్‌లు తక్కువ అని తనే అనుకుని లెక్క వేశాడు. (యెన్ రేట్లలో ఒక పిప్ అంటే యెన్‌లో వందో వంతు.) తన జవాబు 153.14. నాదీ 153.14. ఇక షీట్ అయిపోయిందనే అనుకున్నాను.

మర్నాడు 30 రోజులకు పోల్చాం. నాది 159.40. తనది 159.50.

‘నీ షీట్‌లో కొనే ధరా, అమ్మే ధరా ఒకటేనా?’ అని అడిగాడు.

ఒకటే. రెండు వైపులా 160నే వాడుతున్నాను. ఆ రెండు ధరల మధ్య తేడా, అంటే స్ప్రెడ్, పెట్టాను. డాలర్లు 160.05కి కొన్నట్టు, చివర్లో మధ్య ధర కంటే 5 పిప్‌లు తక్కువకు అమ్మినట్టు మార్చాను. 30 రోజుల జవాబు 159.50కి వచ్చింది. ఏడాది జవాబు మాత్రం 153.24 అయి కూర్చుంది. నిన్న సరిపోయినది ఇవాళ తప్పింది.

రెండు గంటలు ఫార్ములాలు తిరగేశాక కారణం దొరికింది. రోజుల లెక్కింపు. డాలర్ మనీ మార్కెట్‌లో వడ్డీ వేసేటప్పుడు గడిచిన రోజులను 360తో భాగిస్తారు. యెన్ అప్పుకు ఈ లెక్కలో 365 వాడాం. నేను రెండింటికీ ఏడాది అంటే ఏడాది, 30 రోజులంటే అందులో పన్నెండో వంతు అనే వేశాను. 5% అని చెప్పిన డాలర్ డిపాజిట్ 365 రోజులకు నిజానికి 5.07% ఇస్తుంది. దానివల్ల బ్రేక్-ఈవెన్ సుమారు 10 పిప్‌లు కిందికి దిగుతుంది. స్ప్రెడ్ దాన్ని సుమారు 10 పిప్‌లు పైకి తోస్తుంది. రెండూ వదిలేసిన నా మొదటి షీట్‌లో ఒక తప్పు మరో తప్పును కప్పేసింది.

30 రోజుల దగ్గర మాత్రం కప్పలేకపోయింది. రోజుల లెక్క తప్పు కాలంతో పాటు పెరుగుతుంది, నెలకు అది ఒక పిప్‌కి మించదు. స్ప్రెడ్ మాత్రం ఒక్క రోజు ఉంచినా, ఏడాది ఉంచినా అంతే. అందుకే ఎవరి షీట్‌ని పరీక్షించినా ఒకే కాలానికి పోల్చి ఊరుకోకండి. ఒక చిన్న కాలం, ఒక పెద్ద కాలం రెండూ చూడండి.

సరిచేసిన ఫార్ములా ఇది. B1 మధ్య ధర, B2 సగం స్ప్రెడ్, B3 డాలర్ వడ్డీ, B4 యెన్ వడ్డీ, B5 రోజులు.

```
=(B1+B2)*(1+B4*B5/365)/(1+B3*B5/360)+B2
```

చివర్లో కలిపిన B2 ఎందుకంటే, ఫార్ములాలోని మిగతా భాగం నేను అమ్మే ధరను ఇస్తుంది. తెర మీద కనిపించే మధ్య ధరతో పోల్చుకోవాలంటే దానికి ఆ 5 పిప్‌లు కలపాలి. మొదట ఇది మరిచిపోయి మరో అరపూట పోగొట్టుకున్నాను.

మీ ఒప్పందంలో యెన్ అప్పుకు కూడా 360 అని ఉంటే ఫార్ములాలో అదే పెట్టండి. ఇది ఊహించే విషయం కాదు, కాగితంలో చదివి పెట్టాల్సినది.

ఇప్పటిదాకా: ఏడాదికి 153.14, 30 రోజులకు 159.50. రెండూ సరిపోయాయి, ఈసారి సరైన కారణంతో.

దశ 4: రోజుకు రెండు పిప్‌లు

ఫార్ములా కుదిరాక రోజుల సెల్ మారుస్తూ బ్రేక్-ఈవెన్ ఎలా దిగుతుందో రాసుకున్నాను.

- 30 రోజులు: 159.50. దూరం 0.50 యెన్.
- 90 రోజులు: 158.32. దూరం 1.68.
- 180 రోజులు: 156.58. దూరం 3.42.
- 365 రోజులు: 153.14. దూరం 6.86.

వడ్డీల తేడా మొదటి నెలలో రోజుకు సుమారు 2 పిప్‌లు సంపాదిస్తోంది. స్ప్రెడ్ రెండు వైపులా కలిపి 10 పిప్‌లు. అంటే మొదటి అయిదు రోజులు స్ప్రెడ్ తీర్చడానికే సరి. వారం రోజులకు ఇలాంటి ట్రేడ్ వేసేవాళ్లు వడ్డీ మీద సంపాదిస్తున్నామనుకుంటారు గానీ, వాళ్లు ఆడేది దాదాపు పూర్తిగా మారకపు రేటు మీదే.

డాలర్-యెన్ ఒక మామూలు రోజులో ఒక యెన్ అటూ ఇటూ కదలడం వింతేమీ కాదు. అంటే వంద పిప్‌లు. ఒక చెడ్డ మధ్యాహ్నం యాభై రోజుల వడ్డీని తీసుకెళ్లగలదు. ఈ రెండు అంకెలు పక్కపక్కన చూశాక, ఏడాదికి 4.5% అన్న అంకె మీద నాకున్న మోజు చాలా వరకు తగ్గింది.

ఒక కొలత మాత్రం చేశాను. ఏడాదికి రేటు ఊగిసలాట 10% అనుకుంటే (నేను పెట్టుకున్న అంకె, మీరు మార్చుకోవచ్చు), 30 రోజుల్లో మామూలు ఊగు సుమారు 4.6 యెన్లు. నా దూరం 0.50. ఏడాదిలో మామూలు ఊగు 16 యెన్లు, నా దూరం 6.86. వడ్డీ రోజులతో పాటు నేరుగా పెరుగుతుంది, ఊగు మాత్రం రోజుల వర్గమూలంతోనే పెరుగుతుంది. కాబట్టి ఎక్కువ కాలం ఉంచితే నిష్పత్తి మెరుగవుతుంది, నిజమే. కానీ ఏడాదికి కూడా ఊగులో సగం దాకా రాలేదు. పైగా ఏడాది దాకా ట్రేడ్‌లో ఉండగలగాలి కదా. ఆ సంగతి దశ 6లో తేలింది.

దశ 5: 2024 ఆగస్టు 5తో పరీక్ష

షీట్‌ని మంచి రోజులతో పరీక్షిస్తే ఏమీ తెలియదు. అందుకని జరిగిన చెడ్డ రోజునే ఎంచుకున్నాను. జూలై 31న బ్యాంక్ ఆఫ్ జపాన్ వడ్డీని 0.25%కి పెంచింది. ఆగస్టు 2న అమెరికా ఉద్యోగాల అంకెలు నిరాశపరిచాయి. ఆగస్టు 5న డాలర్ 142 యెన్ల కిందికి దిగింది. అదే రోజు జపాన్ నిక్కీ సూచీ ఒక్క రోజులో 12.4% పడింది.

1. జూన్ 26న ప్రవేశం. 160.05కి డాలర్లు కొనడం: 62,480.47 డాలర్లు.
2. ఆగస్టు 5 దాకా 40 రోజులు. డాలర్ వడ్డీ 347.11. మొత్తం 62,827.58 డాలర్లు.
3. యెన్ అప్పు వడ్డీతో సహా 1,00,05,479.
4. అమ్మకం మధ్య ధర 142, నాకు వచ్చేది 141.95. చేతికి 89,18,375 యెన్లు.
5. తేడా: 10,87,104 యెన్ల నష్టం.

ఆనాటి రేటుకే కొని అమ్మే స్పాట్ ట్రేడ్‌లో డబ్బు చేతులు మారేది రెండు పనిదినాల తర్వాత. అది ప్రవేశానికీ నిష్క్రమణకీ రెండింటికీ వర్తిస్తుంది కాబట్టి ఇక్కడ వడ్డీ రోజులు 40గానే ఉన్నాయి. మధ్యలో సెలవులు వస్తే మారతాయి. షీట్‌లో ట్రేడ్ తేదీలు కాకుండా సెటిల్‌మెంట్ తేదీలు పెట్టడం మొదలుపెట్టింది ఇక్కడి నుంచే.

ఆ 40 రోజులకు బ్రేక్-ఈవెన్ మధ్య ధర 159.30. అసలు రేటు దానికంటే 17 యెన్లు కింద ఉంది. ఏడాదంతా రేటు కదలకుండా ఉంటే స్ప్రెడ్ పోను వచ్చేది సుమారు 4,50,000. నష్టం దాదాపు 2.4 ఏళ్ల సంపాదన.

ఇంకో లెక్క వేసి నవ్వుకున్నాను. జపాన్ వడ్డీ పెంపు భయపెట్టింది కాబట్టి, నా అప్పు వడ్డీ కూడా జూలై 31 నుంచి 0.25% పెరిగిందనుకుని చూశాను. అయిదు రోజులకు అదనపు వడ్డీ 342 యెన్లు. అందరూ మాట్లాడుకున్న వడ్డీ పెంపు ఖర్చు 342 యెన్లు. ఆ 40 రోజుల్లో రేటు కదలడం వల్ల పోయినది పది లక్షలకు పైనే. అప్పు ఖరీదైంది కాబట్టి నష్టం రాలేదు. అదే అప్పు చేసినవాళ్లంతా ఒకేసారి యెన్లు కొనడానికి పరుగెత్తారు కాబట్టి వచ్చింది.

ఆ రోజుల్లో స్ప్రెడ్ 5 పిప్‌ల దగ్గరే ఆగి ఉంటుందని నమ్మడం కూడా అమాయకత్వమే. అందుకని ఫార్ములాని మార్చాను. ప్రవేశానికి ఒక సగం స్ప్రెడ్ (B2), నిష్క్రమణకు వేరే సగం స్ప్రెడ్ (B6):

```
=(B1+B2)*(1+B4*B5/365)/(1+B3*B5/360)+B6
```

B6ని 0.30 చేస్తే 30 రోజుల బ్రేక్-ఈవెన్ 159.75కి ఎక్కుతుంది. దూరం సగానికి సగం పోయింది.

ఇప్పటిదాకా: 40 రోజుల వడ్డీ ఆదాయం 347 డాలర్లు, నికర ఫలితం మైనస్ 10,87,104 యెన్లు.

దశ 6: సొంత డబ్బు ఎంత పెట్టామన్నది

ఇప్పటిదాకా షీట్‌లో సొంత డబ్బు అనే సెల్ లేదు. అది లేకపోతే 10.87% నష్టాన్ని ఎలాగో ఓర్చుకోవచ్చు అనిపిస్తుంది. కానీ కోటి యెన్ల అప్పు ఊరికే ఇవ్వరు, హామీగా కొంత పెట్టమంటారు. 20 లక్షల యెన్ల సొంత డబ్బు పెట్టి, అందులో సగం కరిగితే అప్పిచ్చినవాళ్లు ట్రేడ్ మూసేస్తారని నియమం పెట్టుకున్నాను. ఈ సగం అన్నది నా ఊహ. ఒప్పందాన్ని బట్టి అది మారుతుంది.

20 లక్షల మీద చూస్తే, రేటు కదలకపోతే ఏడాదికి 22% పైన లాభం. ఆగస్టు 5 ఫలితం మాత్రం సొంత డబ్బులో 54% నష్టం. అంతకంటే ముఖ్యం, ట్రేడ్ మూసేసే రేటు. 10 లక్షల నష్టం వచ్చే అమ్మకం రేటును వెతికితే 143.34 వచ్చింది. ఆగస్టు 5న రేటు దాని కిందికి వెళ్లింది. అంటే అక్కడే బయటికి నెట్టేస్తారు. రెండు వారాల్లోపే డాలర్ మళ్లీ 148 దాటింది. అప్పటికీ బ్రేక్-ఈవెన్ చాలా దూరమే, కానీ నష్టం చాలా తగ్గి ఉండేది. ఆ తగ్గుదల నా ఖాతాకు రాదు, ఎందుకంటే నేను అప్పటికి ఆటలో లేను.

సొంత డబ్బు 10 లక్షలే పెట్టి చూస్తే మూసేసే రేటు సుమారు 151.4. జూలై 31నే రేటు 150 కిందికి దిగింది. ఆగస్టు 5 దాకా కూడా వెళ్లలేదు.

ఈ దశ తర్వాత షీట్ మొదటి వరుసలో రెండు రేట్లు పక్కపక్కన పెట్టాను: బ్రేక్-ఈవెన్, మూసేసే రేటు. మొదటిది లాభం ఎక్కడ ఆగుతుందో చెబుతుంది. రెండోది నా చేతిలోంచి నిర్ణయం ఎక్కడ జారిపోతుందో చెబుతుంది. నిజానికి ముందు చూడాల్సింది రెండోదే.

దశ 7: ఫార్వర్డ్‌తో రక్షణ కొనబోయి

చివరి ప్రయత్నం. ఏడాది తర్వాత వచ్చే డాలర్లను ఇవాళే ఒక రేటు దగ్గర అమ్మేసుకుంటే మారకపు రేటు టెన్షన్ ఉండదు కదా అనుకున్నాను. దానికి ఫార్వర్డ్ ఒప్పందం ఉంది. రేటు ఎంత ఉంటుందో చూద్దామని లెక్క వేస్తే, నా రెండు వడ్డీలతో 153.04 వచ్చింది. స్ప్రెడ్ తీసేస్తే నా బ్రేక్-ఈవెన్ కూడా సరిగ్గా 153.04.

ఇది కాకతాళీయం కాదు. ఫార్వర్డ్ రేటు పుట్టేదే ఆ రెండు వడ్డీల నుంచి. ఒకవేళ అది బ్రేక్-ఈవెన్ కంటే పైన ఉంటే, ఎవరైనా యెన్లు అప్పు తీసుకుని, డాలర్లు దాచి, ఫార్వర్డ్‌లో అమ్మేసి, ఏ రిస్కూ లేకుండా మిగుల్చుకోవచ్చు. పెద్ద బ్యాంకులు ఆ ఖాళీని ఉండనివ్వవు. నా 65,647.88 డాలర్లను స్ప్రెడ్ పోను 152.99 దగ్గర ఫార్వర్డ్‌లో అమ్మేస్తే చివరికి సుమారు 6,500 యెన్ల నష్టం. రక్షణ పూర్తిగా కొంటే లాభం పూర్తిగా పోయి, స్ప్రెడ్ ఖర్చు మాత్రం మిగిలింది.

బయట కనిపించే అసలు ఫార్వర్డ్ రేటు నా బ్రేక్-ఈవెన్ కంటే ఇంకా కిందే ఉంటుంది. అది బ్యాంకుల మధ్య వడ్డీలతో తయారవుతుంది. నేను అప్పుకు వాళ్లకంటే ఎక్కువ కడుతున్నాను, డిపాజిట్ మీద తక్కువ తీసుకుంటున్నాను. అది నా షీట్‌కి మంచి తనిఖీ అయింది. ఎప్పుడైనా నా బ్రేక్-ఈవెన్ మార్కెట్ ఫార్వర్డ్ కంటే కిందికి వచ్చిందంటే, ఏదో సెల్‌లో తప్పు ఉన్నట్టే. ఆ పోలికకు ఒక సెల్ పెట్టి, అలా వస్తే ఎర్ర రంగు వచ్చేలా చేశాను. మొదటి వారంలోనే రెండుసార్లు ఎర్రబడింది. ఒకసారి 0.5% బదులు 0.05% అని టైప్ చేశాను. ఇంకోసారి రోజుల సెల్‌లో సెటిల్‌మెంట్ తేదీ సంవత్సరం తప్పుగా పడింది.

ఇప్పటిదాకా: షీట్‌లో 8 ఇన్‌పుట్ సెల్స్, 3 జవాబులు (బ్రేక్-ఈవెన్, మూసేసే రేటు, ఫార్వర్డ్ తనిఖీ). దొరికిన తప్పులు 6, వాటిలో రెండు ఒకదాన్నొకటి దాచుకున్నవి. తర్వాత చేయాల్సింది: యెన్ అప్పు వడ్డీ మూడు నెలలకోసారి మారేలా B4ని విడగొట్టడం. ఇప్పుడు షీట్ అది ఏడాదంతా 0.5% దగ్గరే ఉంటుందని అనుకుంటోంది.